సర్వీస్ మేనేజర్‌కు మెయిల్ రాయాలి, సీసీలో ఎవరెవరిని పెట్టాలి?

నమస్తే అండి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. నల్ల గింజలను ఏరేసే మా కలర్ సార్టర్ మిషన్‌లో ఒక కెమెరా పోయి, నల్ల గింజలు మంచి బియ్యంలోకి వచ్చేస్తున్నాయి. ఈ నెల 3న కంపెనీ సర్వీస్ ఇంజనీరుకు మెయిల్ పెడితే "పార్టు రాగానే వస్తా" అన్నారు. 7న, 10న మళ్లీ రాశాను, జవాబు లేదు. ఇక ఆయన పైన ఉన్న ఏరియా మేనేజర్‌కు రాయాలి.

మా ఓనర్ సారేమో "వాళ్ల ఎండీ దాకా అందరినీ సీసీలో పెట్టు, అప్పుడే కదులుతారు" అంటున్నారు. నాకది సరిగా అనిపించడం లేదు. మేనేజర్‌కు ఇంతవరకు విషయమే తెలియదు. మొదటి మెయిల్‌లోనే ఎండీ పేరు కనిపిస్తే, ఆయన మిషన్ సంగతి వదిలేసి తన తప్పు లేదని రాయడం మొదలుపెడతారని నా భయం. అందుకే పాత మెయిల్‌కే రిప్లై ఇస్తూ, టూలో మేనేజర్‌ను ఒక్కరినే, సీసీలో ఇంజనీరును, మా ఓనర్‌ను పెడదామనుకుంటున్నాను. తేదీలన్నీ కింద ఆయనకే కనబడతాయి.

ఇలా రాసుకున్నాను:

"సార్, 3వ తేదీ నుంచి కెమెరా పనిచేయడం లేదు. పార్టు ఎప్పుడు వస్తుందో, ఇంజనీరు ఏ రోజు వస్తారో రేపు సాయంత్రం 5 లోపు తెలపగలరు. అప్పటిదాకా మిషన్ ఎలా నడపాలో కూడా చెప్పగలరు."

ఇంజనీరు ఫోన్ ఎత్తడం లేదన్న మాట కావాలనే రాయలేదు. రాయాలంటారా? మిషన్ అమ్మిన సేల్స్ ఆయనను కూడా సీసీలో పెట్టాలా? రేపటి గడువు దాటితే, ఎండీకి ఇదే మెయిల్ పంపాలా, కొత్తది రాయాలా?