హెచ్-4 మీద ఉంటూ హైదరాబాద్ క్లయింట్‌కి ఫ్రీలాన్స్ చేయొచ్చా? ఈఏడీ ఇంకా రాలేదు

అందరికీ నమస్తే. డాలస్‌లో ఉంటున్నాం. మావారిది హెచ్-1బి, ఆయన ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి నేను హెచ్-4 ఈఏడీకి ఐ-765 వేశాను, రసీదు మాత్రమే చేతికొచ్చింది. ఇక్కడికి రాకముందు ప్యాకేజింగ్ డిజైన్ చేసేదాన్ని. ఇప్పుడు హైదరాబాద్‌లోని పాత క్లయింట్ ఒకాయన పచ్చళ్ల సీసాలకి ఆరు లేబుళ్లు కావాలి, నెలకి 40 వేలు ఇస్తాను, సోమవారం నుంచే మొదలుపెట్టమ్మా అంటున్నారు.

నాకు అర్థమైనంత వరకు రసీదు ఉంటే సరిపోదు, C26 అని ఉన్న కార్డు వచ్చి, దాని మీద ఉన్న తేదీ మొదలయ్యాకే పని చేయాలి. కార్డు వచ్చాక సొంతంగా క్లయింట్లని తీసుకున్నా ఇబ్బంది లేదు. కానీ మా బంధువులు "డబ్బు ఇండియా అకౌంట్‌లోనే పడుతుంది కదా, అమెరికాకి ఏం సంబంధం" అంటున్నారు. నేను కూర్చుని పని చేసేది డాలస్‌లో మా డైనింగ్ టేబుల్ దగ్గర కదా, మరి డబ్బు ఎక్కడ పడితే ఏంటి అన్నది నా భయం. రేపు గ్రీన్ కార్డు అప్లికేషన్‌లో అనుమతి లేకుండా పని చేశారా అని అడిగితే అబద్ధం చెప్పలేను.

ఇలాంటి పరిస్థితిలో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లేం చెప్పారు? కార్డు వచ్చేదాకా డబ్బు తీసుకోకుండా శాంపిల్ లేబుల్ చేసిచ్చి, తర్వాత బిల్లు వేసినా తప్పేనా? ఆదివారం లోపు ఆయనకి మాట చెప్పాలి, చాలా టెన్షన్‌గా ఉంది.