15న ఇవ్వాల్సిన డబ్బుకి గడువు అడగాలి, పార్టీ దగ్గర చెక్కు కూడా ఉంది. ఎలా రాయాలి?

కడియపులంక నర్సరీ:
అందరికీ నమస్కారం అండి. మాది ఎకరంన్నర కౌలు నర్సరీ. ఆగస్టులో హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పార్టీ ఒకరు పొగడ, టెకోమా, నూరువరహాలు, లాన్ గడ్డి కలిపి ఆర్డరిచ్చి 2,50,000 అడ్వాన్సు వేశారు. మొదటి లోడుకి 70,000 సరుకు వెళ్లింది. అక్టోబరు ఆఖరి వానలకి మడుల్లో నాలుగు రోజులు నీళ్లు నిలబడిపోయి మిగతా మొక్కలకి వేళ్లు కుళ్లిపోయాయి. వాళ్లకి సైటు తొందర, బయట కొనుక్కుంటామన్నారు. వాళ్ల మాట న్యాయమే. మిగతా 1,80,000 నవంబరు 15కి తిరిగి ఇస్తానని అదే తేదీతో చెక్కు రాసిచ్చాను.

ఈరోజు 7. అడ్వాన్సంతా కవర్లు, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, కూలీల కింద ఎప్పుడో అయిపోయింది. 15కి మొత్తం సర్దలేను. ఈ మెసేజ్ రాసుకున్నాను, పంపేముందు మీరొకసారి చూడండి:

"నమస్కారం సార్. కొన్ని అనివార్య కారణాల వల్ల పేమెంట్ కొంచెం ఆలస్యం అవుతుంది. వీలైనంత త్వరలో సర్దుబాటు చేస్తాను. దయచేసి సహకరించగలరు."

భీమవరం చెరువు రైతు:
తమ్ముడూ, అస్సలు ఒప్పుకోకు. నా రొయ్య పట్టుకెళ్లినాయన కూడా ఇలాంటి మెసేజే పెట్టాడు, "కొంచెం ఆలస్యం" అని. రెండు పంటలు వెళ్లిపోయాయి, ఇంకా 90,000 రావాలి. గట్టిగా అడుగు, మనిషిని పంపించు.

కడియపులంక నర్సరీ:
అన్నయ్యా, డబ్బు నాకు రావాల్సింది కాదండి, నేనే ఇవ్వాలి.

భీమవరం చెరువు రైతు:
అయ్యో, తిరగేసి చదివాను, ఏమనుకోకు. అయితే ఒకటి విను. ఆ మెసేజ్ చూడగానే నాకు ఒళ్లు మండింది, చూశావుగా. మీ పార్టీకీ అలాగే ఉంటుంది.

అంబాజీపేట పాత గుమస్తా:
ఆయన పొరపాటున చదివినా అసలు మాట అదే చెప్పాడు. కొబ్బరి డిపోలో 31 ఏళ్లు పద్దులు రాశాను, ఇలాంటి కబుర్లు లెక్కలేనన్ని విన్నాను. "అనివార్య కారణాలు" అంటే కారణం చెప్పడం ఇష్టం లేదని అర్థం. "వీలైనంత త్వరలో" అంటే తేదీ లేదని అర్థం. ఈ రెండూ ఒకే మెసేజ్‌లో కనబడితే అవతలివాడు చేసే పని ఒక్కటే, 15 పొద్దున్నే చెక్కు బ్యాంకులో వేయడం.

ముందు నాకు మూడు సంగతులు చెప్పు. ఇవాళ చేతిలో ఎంతుంది? శనివారం కూలీలకి ఎంత పోవాలి? డిసెంబరు లోపల వచ్చే డబ్బు ఎక్కడెక్కడి నుంచి?

కడియపులంక నర్సరీ:
చేతిలో 82,000. శనివారం కూలీలకి 22,000. రావాల్సినవి రెండున్నాయి. రోడ్డు పక్క మొక్కలు వేయించిన ఒక ఆఫీసు 1,10,000 ఇవ్వాలి, రెండు నెలలుగా "ఈ వారం బిల్లు అయిపోతుంది" అంటున్నారు. రెండోది చీటీ. పాట నాకే పడింది, చేతికి 1,32,000 వస్తుంది. డిసెంబరు 2న ఇస్తామన్నారు.

మండపేట ధాన్యం కమీషన్:
నా సలహా విను. రాతలో ఏమీ పెట్టకు, ఫోన్లో మాట్లాడు. రాసిచ్చావంటే అప్పు ఒప్పుకున్నట్టే, రేపు కోర్టులో అదే చూపిస్తారు. చెక్కుకి బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టేయ్, గొడవ ఉండదు. గడువు మూడు వారాలు కావాలంటే రెండు నెలలు అడుగు. బేరమాడి తగ్గిస్తారు ఎలాగూ.

అంబాజీపేట పాత గుమస్తా:
రాస్తే ఒప్పుకున్నట్టే అన్న మాట నిజమే. గడువు చట్టం ప్రకారం మూడేళ్లు దాటకముందు సంతకంతో బాకీ ఒప్పుకుంటూ రాసిస్తే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. కానీ అది ఎగ్గొట్టేవాడికి భయం. ఈ అబ్బాయి చెక్కే రాసిచ్చాడు, ఇంక దాచేదేముంది? రాత లేకపోతే నష్టం ఇతనికే. కొంత కట్టినా ఆ సంగతీ, గడువు ఒప్పుకున్న సంగతీ రేపు ఎవరు చెబుతారు?

స్టాప్ పేమెంట్ మాత్రం పెట్టొద్దు. ఖాతాలో డబ్బు లేక ఆపించినా, చెక్కు తిరిగొస్తే బౌన్సు కేసు కిందికే లాగుతారు. తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇవ్వొచ్చు. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే 138 సెక్షన్ కింద కేసు. దానికంటే ముందు, చెప్పకుండా చెక్కు ఆపావని తెలిసిన రోజే నీ మీద నమ్మకం పోతుంది.

రెండు నెలలు అడిగి తగ్గించుకోవడం మార్కెట్ యార్డులో బేరానికి పనికొస్తుంది. ఇక్కడ గడువు అడిగేది ఒక్కసారే. ఆ ఒక్కసారీ నీ లెక్కకి నిలబడే తేదీ చెప్పాలి.

నర్సాపురం లేసు:
నేను అవతలి వైపు మనిషిని. ఎగుమతి ఆర్డరు ఆగిపోయినప్పుడు మా దగ్గర అడ్వాన్సు తీసుకున్న దారం వ్యాపారి ఒకాయన నాకు డబ్బు తిరిగి ఇవ్వాలి. గడువుకి వారం ముందే ఫోన్ చేసి "అమ్మా, మొత్తం కాదు, ఇంత ఇప్పుడే వేస్తున్నాను, మిగతాది ఫలానా రోజు" అన్నాడు. ఫోన్ పెట్టేలోపే ఖాతాలో పడింది. నాకు కోపం రాలేదు. ఇంకొకాయన గడువు రోజు సాయంత్రం 6 గంటలకి ఫోన్ చేశాడు. ఆయన కారణం ఇంకా పెద్దది, ఇంట్లో ఆపరేషన్. అయినా నాకు గుర్తున్నది ఆ 6 గంటలే, ఎందుకంటే ఆ డబ్బు చూసుకుని నేను లేసు అల్లేవాళ్లకి మర్నాడు ఇస్తానని చెప్పేశాను. ఎనిమిది రోజులుంది, ఇవాళే చెప్పు తమ్ముడూ.

అంబాజీపేట పాత గుమస్తా:
ఆవిడ చెప్పినదాంతో మొదలెడదాం. 82,000లో కూలి 22,000 తీసేస్తే 60,000. అది ఇవాళే వేసెయ్. "మీరు ఒప్పుకుంటే వేస్తాను" అని షరతు పెట్టకు, అది బాకీయేగాని బేరం కాదు. అలాగని కూలి ఆపి 82,000 వేయకు. వచ్చే వారం మనుషులు రాకపోతే ఉన్న మొక్కలు కూడా పోతాయి.

మిగిలింది 1,20,000. తేదీ ఆఫీసు బిల్లు మీద పెట్టొద్దు. రెండు నెలలుగా "ఈ వారం" అంటున్న డబ్బుని లెక్కలో సున్నా అనుకో, వస్తే మంచిదే. చీటీ 1,32,000 సరిపోతుంది. కానీ జామీను కాగితాలు ఇచ్చావా?

కడియపులంక నర్సరీ:
ఒక జామీను ఇచ్చాను. రెండో జామీను మా మేనమామ, టీచరు. జీతం సర్టిఫికెట్ ఇంకా తేలేదు.

అంబాజీపేట పాత గుమస్తా:
అదిగో, చూశావా. పాట పడినంత మాత్రాన డబ్బు రాదు, జామీను కుదిరాకే ఇస్తారు. ముందు మేనమామని పట్టుకుని ఆ సర్టిఫికెట్ ఇప్పించు. అది వాళ్ల చేతిలో పడేదాకా పార్టీకి ఏ తేదీ చెప్పినా గాల్లో మాటే. పడ్డాక 2వ తేదీకి ఎనిమిది రోజులు కలిపి డిసెంబరు 10 చెప్పు. వాళ్లు అటూ ఇటూ చేసినా నీ మాట దాటదు.

కడియపులంక నర్సరీ:
మధ్యాహ్నమే స్కూలుకి వెళ్లానండి. సర్టిఫికెట్ తీసుకుని చీటీ ఆఫీసులో ఇచ్చేశాను, రసీదు ఇచ్చారు.

అంబాజీపేట పాత గుమస్తా:
శభాష్. ఇంక చెక్కు సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. వాళ్ల దగ్గరున్న చెక్కు 1,80,000కి. నువ్వు 60,000 కట్టాక బాకీ 1,20,000. పాత చెక్కు అలాగే వేస్తే లేని బాకీకి వేసినట్టు. ఇలాంటి కేసులో 2022లో సుప్రీంకోర్టు, కొంత కట్టాక ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికి వేస్తే 138 కింద నిలబడదంది. అయినా ఆ ధైర్యంతో కూర్చోకు. చెక్కు తిరిగొస్తే నోటీసు, లాయరు, హైదరాబాద్ తిరుగుళ్లు తప్పవు. పాత చెక్కు వెనక్కి ఇమ్మని మెసేజ్‌లోనే అడుగు. కొత్త చెక్కు కావాలంటే చీటీ డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వు.

మెసేజ్ ఇలా రాసి చూడు:

"నమస్కారం సార్. కడియపులంక నర్సరీ నుంచి. 15న మీకు తిరిగి ఇవ్వాల్సిన 1,80,000 ఆ రోజుకి మొత్తం ఇవ్వలేకపోతున్నాను. మీ అడ్వాన్సు మీ ఆర్డరు మొక్కల మీదే పెట్టాను, వానలకి అవి పోయాయి. ఇవాళ 60,000 మీ కంపెనీ ఖాతాకి పంపాను, రసీదు జత చేశాను. మిగతా 1,20,000 డిసెంబరు 10న పంపుతాను. నాకు వచ్చే చీటీ డబ్బు దీనికే కేటాయించాను. మీ దగ్గరున్న 1,80,000 చెక్కు 15న బ్యాంకులో వేయకుండా వెనక్కి పంపించమని మనవి. మీ అకౌంట్స్ వారికి కూడా ఈ మెసేజ్ పంపుతున్నాను. ఇది మీకు సమ్మతమేనని ఒక్క మాట రాయండి."

ముందు ఫోన్ చెయ్యి, తర్వాత ఇది పంపు. ఆఖరి వాక్యం తీసేయకు.

మండపేట ధాన్యం కమీషన్:
అకౌంట్స్ వాళ్లకి పంపడం మంచి పాయింటే, ఒప్పుకుంటాను. నాకు అలాగే జరిగింది. సైటు ఇంజనీరు "పర్లేదండి" అన్నాడు, చెక్కు మాత్రం అకౌంటెంట్ తన క్యాలెండర్ ప్రకారం వేసేసింది. ఇంకో మాట. మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెచ్చి 15నే మొత్తం ఇచ్చేయొచ్చుగా? 25 రోజులకి 3,000 అవుతుంది. పేరు నిలబడుతుంది.

నర్సాపురం లేసు:
లెక్క బానే ఉంది, చీటీ జారితే ఆ 25 రోజులు ఎన్ని నెలలవుతాయో అది కూడా చెప్పండి. నోటు రాయించుకోకుండా ఎవరిస్తారు?

అంబాజీపేట పాత గుమస్తా:
ఇందులో నేను తీర్పు చెప్పలేను. ఆ బిల్డరుతో ఇంకా పెద్ద పని ఉందనుకుంటే 3,000 దండగ కాదు. లేదంటే గడువు అడగడమే మేలు. అది అతని వ్యాపారం, అతనికే తెలియాలి.

కడియపులంక నర్సరీ (12వ తేదీ):
అప్పు తేలేదండి, ఇప్పటికే కౌలు మీద ఒక నోటుంది. ఫోన్ చేసి, 60,000 వేసి, మెసేజ్ పంపాను. పార్టీ పెద్దాయన "ముందే చెప్పావు, సరే, 10 దాటకూడదు" అని రాశారు. వాళ్ల సైటు ఇంజనీరు గారు కూడా చూశారు. అకౌంట్స్ మేడమ్ చూసినట్టు టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. చెక్కు ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. పెద్దాయన వడ్డీ సంగతి కూడా అడిగారు, ఎంత చెప్పాలో తెలియక ఆగాను.

అంబాజీపేట పాత గుమస్తా:
వడ్డీ తర్వాత చూద్దాం. మేడమ్‌కి రేపు పొద్దున్న 10 తర్వాత ఫోన్ చెయ్యి. పెద్దాయన రాసిన జవాబు ఫోటో తీసి ఆవిడకి పంపు. చెక్కు రద్దని దాని మీద గీతలు కొట్టి ఫోటో పంపమని అడుగు, అసలు చెక్కు కొరియర్‌లో తర్వాత వచ్చినా ఫరవాలేదు.

కడియపులంక నర్సరీ (14వ తేదీ):
ఫోటో వచ్చిందండి. మేడమ్ పెద్దాయన మెసేజ్ చూశాకే గీతలు కొట్టారట, లేకపోతే రేపు పొద్దున్న వేసే చెక్కుల కట్టలో ఇది కూడా ఉందన్నారు. వడ్డీ మీద ఇంకా ఏమీ చెప్పలేదు. ఎవరికైనా ఇలాంటి అడ్వాన్సు తిరిగి ఇచ్చినప్పుడు ఎంత ఇచ్చారో తెలిస్తే చెప్పండి.

భీమవరం చెరువు రైతు:
బ్యాంకు వడ్డీ చెప్పి చూడు. నేనైతే నా 90,000కి అసలొస్తే చాలనుకుంటున్నాను.