స్పానిష్‌లా ఉంది కానీ కాదు, ఈ పాట ఏ భాషది?

పాత క్యాసెట్‌లో ఒక ఆడగొంతు, వెనక గిటార్లు. పేరు లేదు, రికార్డింగ్ గరగర వల్ల పాటలు గుర్తుపట్టే యాప్ చేతులెత్తేసింది. వెతికేముందు భాష తేల్చుకోవాలి.

మొదట స్పానిష్ అనుకున్నా. కానీ అందులో అచ్చులు ఐదే, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. ఇక్కడ కొన్ని ముక్కుతో పలుకుతున్నాయి, చాలా పదాల చివర 'ష్' వస్తోంది. అంటే పోర్చుగీసే కావచ్చు. అయితే 'ష్' బ్రెజిల్‌లోని రియో యాసలోనూ ఉంటుంది. అందుకే పల్లవిలో పదేపదే వచ్చే noite, అంటే రాత్రి అనే మాట చూశాను. బ్రెజిల్‌లో చాలాచోట్ల దాన్ని 'నోయ్చి' అంటారు. ఈవిడ 'నోయ్ట్' అని చివరి అచ్చు మింగేస్తోంది. కాబట్టి పోర్చుగల్ అంటున్నా. (పాడేటప్పుడు రాగం కోసం అచ్చులు సాగదీస్తారు, అదొక చిక్కు.)

పోర్చుగీసు నుంచి పుట్టిన కేప్ వర్డే దీవుల క్రియోల్ భాష కూడా అయ్యుండొచ్చా? వినికిడితో ఆ రెంటినీ ఎలా విడదీయాలో తెలిసినవాళ్లు చెప్పండి.