ఫొటోలో మసకబారిన మాటను ఊహించి చెప్పొచ్చా?

హన్మకొండ అమ్మ: మా బాబుకు ఆరేళ్లు. పల్లీలు, నువ్వులు రెండూ పడవు, పరీక్షలో తేలింది. మా తమ్ముడు వాడికి ఏదైనా కొనే ముందు ప్యాకెట్ వెనక ఫొటో తీసి పంపిస్తాడు, నేను చదివి సరే అంటేనే కొంటాడు. నిన్న కాజీపేట స్టేషన్ దగ్గర ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్ ఫొటో పంపాడు. అక్షరాలు మరీ సన్నం. ఇంగ్లిష్ ఎస్‌తో మొదలయ్యే ఒక మాట మసకయింది, దాని పక్కన సీడ్స్ అని ఉంది. "సన్‌ఫ్లవర్ సీడ్సే అక్కా, ఏం కాదు" అన్నాడు. నేను వద్దన్నాను. ఇంట్లో ఇప్పుడు అదే గొడవ. కనబడని మాటను ఊహించి చెప్పొచ్చా?

కిరాణం రాజన్న: అమ్మా, లిస్టు మొత్తం చదవాల్సిన పనే లేదు. దాని కిందనే "కంటైన్స్" అని ఒక లైను ఉంటుంది. అలర్జీ వచ్చేవన్నీ అందులో రాయాలని గవర్నమెంటు రూలే ఉంది. ఆ లైన్లో మీ బాబుకు పడనిది లేకపోతే నిశ్చింతగా కొనండి. నా కొట్టుకు వచ్చేవాళ్లందరికీ ఇదే చెప్తాను.

క్వాలిటీ సెక్షన్: రాజన్నా, పల్లీల వరకు మీ మాట సరైనదే. నువ్వుల దగ్గరే ప్రమాదం. నేను తినుబండారాల యూనిట్‌లో లేబుళ్లు సరిచూసే పని చేస్తాను. 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమలాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, జీడిపప్పు బాదం లాంటివి, సోయా, మోతాదు దాటిన సల్ఫైట్ ఉంటే ఆ లైన్లో చెప్పి తీరాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరు తప్పనిసరి చేశారు. ఇక్కడ కంపెనీ తనంతట తాను రాస్తే రాసినట్టు. అంటే బిస్కెట్ మీద నువ్వులు చల్లి ఉన్నా, కంటైన్స్ లైన్లో ఆ పేరు కనబడకపోవచ్చు.

కాబట్టి ఈ బాబు కోసం పదార్థాల జాబితాను మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవాల్సిందే. సెసమీ ఒక్కటే వెతికితే సరిపోదు. టిల్ అని రాస్తారు, నూనె అయితే జింజెల్లీ అని రాస్తారు. అమ్మా, ఆ ఫొటోలో మీకు కనబడినంత వరకు ఇక్కడ రాయండి.

హన్మకొండ అమ్మ: వరుసగా ఇలా ఉంది అన్నా: మైదా, ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్ (పామ్), చక్కెర, ఎస్... సీడ్స్, ఉప్పు, జీలకర్ర, ఎమల్సిఫైయర్ 3?2. మధ్య అంకె మడతలో పోయింది. కింద కంటైన్స్ వీట్, సోయా.

షుగర్ ఉన్నాయన: మైదా, చక్కెర, పామాయిల్! ఇక అందులో చూడడానికి ఏముందమ్మా? నాకు షుగర్ వచ్చిన నాటి నుంచి బిస్కెట్లే మానేశాను. పిల్లవాడికి మక్క గుడాలు పెట్టండి.

క్వాలిటీ సెక్షన్: అయ్యా, ఇక్కడి ప్రశ్న వేరు.

అమ్మా, ముందు సులువైనది చూద్దాం. మధ్య అంకె 2 అయితే 322, అంటే లెసిథిన్, మన బిస్కెట్లలో ఎక్కువగా సోయా నుంచి వచ్చేదే. 3 అయితే 332, పొటాషియం సిట్రేట్, దానికీ సోయాకూ సంబంధం లేదు. జాబితాలో సోయా అనే మాట ఇంకెక్కడా లేదు, అయినా కంటైన్స్ లైన్లో సోయా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చినట్టు? 322 నుంచే. ఇక్కడ ఊహకు అదే లేబుల్ మీద ఇంకో చోట సాక్ష్యం దొరికింది, అందుకే 322 అని చెప్పొచ్చు.

ఇక గింజల సంగతి. పదార్థాలను ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ దానికి వరుసగా రాయాలి. ఈ గింజలు చక్కెర తర్వాత, ఉప్పుకన్నా ముందు ఉన్నాయంటే ఏదో చిటికెడు కాదు. ఇప్పుడు మసకబారిన చోటు ఎంత వెడల్పుందో చూడండి. అదే లేబుల్‌లో ఎడిబుల్ అనే మాటకు ఇంగ్లిష్‌లో ఆరు అక్షరాలు, వెజిటబుల్‌కు తొమ్మిది. సెసమీకి ఆరు, సన్‌ఫ్లవర్‌కు తొమ్మిది. మసక భాగం ఎడిబుల్‌కు దగ్గరగా ఉందా, వెజిటబుల్‌కు దగ్గరగా ఉందా? సెసమీలో ఎమ్ వెడల్పు అక్షరం కాబట్టి కొంచెం ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు.

హన్మకొండ అమ్మ: స్కేలు పెట్టి చూశాను. ఎడిబుల్ కన్నా కొంచెం పొడుగు, వెజిటబుల్ కన్నా బాగా పొట్టి. నాకు చేతులు చల్లబడ్డాయి.

ఐటీ తమ్ముడు: మరి నువ్వులే అని తేలినట్టేగా! ఊహ పనికొచ్చిందనే కదా దీనర్థం. ఏది కనబడకపోయినా "చదవలేను" అని ఊరుకుంటే ఫొటో పంపించి ఏం లాభం? దగ్గరి అంచనా చెప్పాలి, నిర్ణయం తల్లి తీసుకుంటుంది.

క్వాలిటీ సెక్షన్: తేలలేదు తమ్ముడూ. నువ్వులు కావచ్చని బలమైన అనుమానం వచ్చింది, అంతే. నా పట్టుదల ఒక్కదాని మీదే: ఊహ "వద్దు" వైపు పోతే చెప్పండి, "పర్లేదు" వైపు పోతే చెప్పకండి. నువ్వులనుకొని మానేస్తే ఒక ప్యాకెట్ పోతుంది. సన్‌ఫ్లవర్ అనుకొని తినిపిస్తే ఎంజీఎం ఆస్పత్రికి పరుగెత్తాలి. అందుకే చదివి పంపేవాళ్లు స్పష్టంగా కనబడింది వేరుగా, సగం కనబడి ఇది కావచ్చు అనుకున్నది వేరుగా, అసలు కనబడనిది వేరుగా చెప్పాలి. మూడూ కలిపి ఒకే వాక్యంలో చెప్తే వినేవాళ్లకు ఏది చూసి చెప్పారో, ఏది అనుకొని చెప్పారో అర్థం కాదు. ఈ అక్క తమ్ముడు చేసింది అదే.

ఐటీ తమ్ముడు: ఆ లెక్కన మసకగా ఉన్న ప్రతి ప్యాకెట్ వద్దే అవుతుంది. పిల్లవాడు బడిలో అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవాలా? మీ పద్ధతి కాగితం మీద బాగుంటుంది కానీ రోజూ ఇంట్లో నడవదు. ఈ మాట నేను ఒప్పుకోను.

ఫొటో స్టూడియో, పోచమ్మమైదాన్: గొడవ పడే ముందు ఫొటో సరిగ్గా తీయించండి. ఫోన్ ప్యాకెట్‌కు మరీ దగ్గర పెడితే ఫోకస్ పట్టదు. జానెడు దూరం నుంచి రెండింతల జూమ్‌తో తీయాలి. మెరిసే కవరు మీద ఫ్లాష్ వేయొద్దు. వెలుతురులో కొద్దిగా పక్కకు వంచితే మెరుపు పోతుంది. మడతను రెండు వేళ్లతో లాగి పట్టుకొని, లేబుల్‌ను రెండు మూడు ముక్కలుగా తీయాలి, ఒక ముక్క చివరి లైను తర్వాతి ముక్కలోనూ రావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

కిరాణం రాజన్న: నువ్వుల సంగతి నాకు కొత్త, ఇక ఆ లైన్ చూసి నిశ్చింతగా ఉండమని ఎవరికీ చెప్పను. ఇంకో అనుమానం. ఐదు రూపాయల చిన్న ప్యాకెట్ల మీద కొన్నిటికి అసలు లిస్టే ఉండదు, అప్పుడేం చేయాలి?

క్వాలిటీ సెక్షన్: ప్యాకెట్ విస్తీర్ణం 100 చదరపు సెంటీమీటర్లు దాటకపోతే జాబితా వేయకుండా మినహాయింపు ఉంది అన్నా. కానీ అవి వచ్చిన పెద్ద ప్యాక్ మీద ఉండాలి. అది మీ కొట్లోనే ఉంటుంది, పారేయకుండా దాని ఫొటో తీసి ఇవ్వండి.

హన్మకొండ అమ్మ: తమ్ముడు మళ్లీ ఆ కొట్టుకు వెళ్లి డాక్యుమెంట్‌గా పంపాడు. ఆ మాట మధ్యలో కవరు అతికించిన కుట్టు వచ్చింది, ఎస్, ఈ వరకే కనబడుతోంది. సన్‌ఫ్లవర్ అయితే రెండో అక్షరం యు ఉండాలి కదా, కాబట్టి అది కాదు. ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, కనుక్కొని చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు. ప్యాకెట్ కొనలేదు. ఇంకొకటి అడగాలి. మా వాడు ఇష్టంగా తినే వేరే బిస్కెట్ మీద ఇన్నాళ్లూ లేని "మే కంటైన్ పీనట్" అని కొత్త ప్యాకెట్‌లో కనబడింది. జాబితాలో మాత్రం పల్లీ లేదు.

ఐటీ తమ్ముడు: అది కంపెనీలు తమ మీదికి రాకుండా వేసుకునే మాట అక్కా. ఇన్నాళ్లూ తిన్నాడు, ఏం కాలేదు కదా.

క్వాలిటీ సెక్షన్: ఇన్నాళ్లూ తిన్నది పాత లైన్‌లో తయారైంది కావచ్చు. ఇప్పుడు అదే మెషీన్ మీద పల్లీల సరుకు కూడా నడుస్తుండవచ్చు. దీన్ని మీ అలర్జీ డాక్టర్‌ను అడగండి అమ్మా, రెండు ప్యాకెట్ల ఫొటోలూ చూపించండి. అప్పటిదాకా నేనైతే పెట్టను.