ఒకే కెమెరాతో తీసిన 4కె ఇంటర్వ్యూ: క్లోజ్ కోసం పంచ్-ఇన్ చేస్తే మసకబారుతోంది, ఎందుకు?

ఒంటి_కెమెరా:
కూర్చుని మాట్లాడే మనిషి ఇంటర్వ్యూ అండి. ఒక్కటే కెమెరా, ట్రైపాడ్ మీద కదలకుండా ఉంది. ఫుటేజ్ 3840×2160, ఫైనల్ ఇవ్వాల్సింది 1920×1080. నడుము దాకా వచ్చే వైడ్ తీసి, అందులోంచే ముఖం వరకు క్రాప్ చేసుకుంటే రెండో కెమెరా ఉన్నట్టు అనిపిస్తుందని ప్లాన్. ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేస్తున్నాను. వైడ్ చక్కగా ఉంది. క్లోజ్ కోసం స్కేల్ 160 పెట్టేసరికి మాత్రం కనురెప్పల వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, చొక్కా నేత కనబడకుండా పోయింది. 4కెలో తీస్తే 200 దాకా వెళ్లొచ్చని అందరూ అంటారు కదా, నాకు 160కే ఎందుకిలా?

పిక్సెల్_లెక్క:
4కెలో హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు ఉంటాయి. అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు. కాబట్టి 200 వరకు క్వాలిటీ ఏమాత్రం తగ్గదు, ఇది లెక్క. 160 దగ్గరే మసక వచ్చిందంటే మీ లెన్సైనా సాఫ్ట్ అయ్యుండాలి, ఫోకసైనా తప్పుండాలి. క్లోజ్ మీద షార్పెన్ వేసేయండి.

కట్_రూమ్:
షార్పెన్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఒక్క అంకె చెప్పండి. ఏమీ జూమ్ చేయని వైడ్ క్లిప్ మీద నొక్కి Effect Controls లో Scale ఎంత చూపిస్తోందో చూడండి. 50 ఉందా, 100 ఉందా?

ఒంటి_కెమెరా:
100 ఉందండి. ఫ్రేమ్ మొత్తం సరిగ్గా పట్టింది.

కట్_రూమ్:
అక్కడే పోతోంది మీ రిజల్యూషన్. హెచ్‌డీ సీక్వెన్స్‌లో 4కె క్లిప్ వేస్తే, అసలు పిక్సెళ్లు అలాగే ఉన్నప్పుడు ఫ్రేమ్ నిండడానికి స్కేల్ 50 ఉండాలి. మీకు 100 దగ్గరే నిండిందంటే ఆ క్లిప్ మీద Scale to Frame Size ఆన్‌లో ఉందన్నమాట. అది క్లిప్‌ను ముందే 1920×1080కి కుదించేసి, ఆ కుదించిన బొమ్మనే మీ చేతికి ఇస్తుంది. దాన్ని 160కి పెంచితే మీరు సాగదీస్తున్నది హెచ్‌డీ బొమ్మను. 4కెలో తీసిన లాభం అంతా అప్పటికే పోయింది.

క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి ఆ టిక్ తీసేయండి. తీయగానే బొమ్మ ఒక్కసారిగా రెండింతలై ముక్కూ కళ్లూ మాత్రమే కనిపిస్తాయి. కంగారు పడొద్దు, అదే సరైన లక్షణం. ఇప్పుడు 100 అంటే పిక్సెల్‌కు పిక్సెల్. వైడ్‌లన్నీ 50 చేయండి, మీ 160లన్నీ 80 చేయండి. ఫ్రేమింగ్ ఇందాకటిలాగే వస్తుంది, కానీ ఈసారి ఆ క్లోజ్ అసలు ఫుటేజ్‌లోని 2400×1350 పిక్సెళ్ల ముక్క నుంచి వస్తుంది. అంటే ఇంకా కాస్త కుదిస్తూనే ఉన్నారు, సాగదీయడం లేదు. కీఫ్రేములు పెట్టిన క్లిప్పులుంటే వాటిలో ప్రతి కీఫ్రేమ్‌నూ సగం చేయాలి.

ఇకముందు ఈ తలనొప్పి లేకుండా ప్రిఫరెన్సెస్‌లో మీడియా దగ్గర Default Media Scaling ను Set to Frame Size కి మార్చుకోండి. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు. ఇది స్కేల్ అంకెను 50కి దించి పెడుతుందే తప్ప పిక్సెళ్లను పారేయదు. వెర్షన్‌ను బట్టి మెనూలో పేర్లు మారుతుంటాయి, అందుకే నేను పేరు కన్నా అంకెనే చూస్తాను.

పిక్సెల్_లెక్క:
ఓహో, అయితే నా లెక్క సరైనదే. సెట్టింగ్ సరిచేస్తే 200 వరకు నిశ్చింతగా వెళ్లొచ్చు.

కట్_రూమ్:
వైడ్‌ను 100 అనుకుంటే పిక్సెళ్ల సంఖ్య వరకు మీ లెక్క సరైనదే, టిక్ తీశాక మాత్రం ఆ 200 అంటే స్కేల్ 100, 160 అంటే 80. కానీ ప్రతి పిక్సెల్‌లోనూ పూర్తి సమాచారం ఉండదు కదండీ. మామూలు సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, మిగతా రెండు రంగులూ పక్క పిక్సెళ్లను చూసి కెమెరా ఊహిస్తుంది. అందుకే పిక్సెల్‌కు పిక్సెల్ చూస్తే ఏ బొమ్మైనా కాస్త మెత్తగానే ఉంటుంది. పైగా 4:2:0లో రికార్డు చేస్తే రంగు సమాచారం 4కె ఫైల్‌లో కూడా 1920×1080 మాత్రమే. మొత్తం ఫ్రేమ్‌ను హెచ్‌డీకి కుదిస్తే రంగు పూర్తిగా సరిపోతుంది, సగం ఫ్రేమే తీసుకుంటే రంగుకి 960×540 మిగులుతుంది. ఎర్రటి అంచులు మెట్లు మెట్లుగా కనిపించేది అందుకే. 6కె నుంచి కుదించి 4కె రాసే కెమెరాలైతే 200 దగ్గర కూడా బాగా నిలబడతాయి. సెన్సర్‌ను 4కెకి 4కెగా చదివే కెమెరాల్లో నేను 160 దాటను.

నిలువు_వీడియో:
నాదీ ఇదే సమస్య. 4కె అడ్డంగా తీసి 1080×1920 నిలువు వీడియో చేస్తున్నాను. నిలువుగా కట్ చేశాక క్లోజ్ కోసం మళ్లీ 160 వేస్తే మసకగా వస్తోంది. నాకూ ఆ టిక్కేనా?

కట్_రూమ్:
మీది వేరే సంగతండి. అడ్డ ఫ్రేమ్‌లోంచి నిలువు ముక్క తీస్తే మీకు దొరికేది 1215×2160 పిక్సెళ్లే. ఫైనల్ ఎత్తు 1920. అంటే వైడ్ దగ్గరే ఉన్నదంతా ఖర్చయిపోయింది, సుమారు 112 శాతం దాటితే సాగదీయడమే. టిక్ తీసినా ఆ హద్దు మారదు. కెమెరాను నిలువుగా తిప్పి తీస్తేనే మీకు రెండింతల చోటు దొరుకుతుంది.

ఒంటి_కెమెరా:
కట్_రూమ్ గారూ, టిక్ తీశాక కనురెప్పలు తిరిగొచ్చాయి, చాలా థాంక్సండి. కానీ ఇంకా ఏదో తేడాగా ఉంది. వైడ్ నుంచి క్లోజ్‌కి కట్ పడగానే వెనక గోడ మీద నాయిస్ ఒక్కసారి గుప్పుమంటోంది. కట్ కూడా రెండో కెమెరాకి వెళ్లినట్టు లేదు, బొమ్మ ఎగిరి మీద పడ్డట్టు ఉంది.

కట్_రూమ్:
ఈ రెండూ వేర్వేరు సమస్యలు.

నాయిస్ సంగతి. వైడ్‌లో నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతున్నాయి. అలా సగటు తీసినప్పుడు నాయిస్ దాదాపు సగానికి తగ్గుతుంది. మీ క్లోజ్‌లో ఆ కలపడం బాగా తక్కువ, కాబట్టి అదే ఐఎస్ఓ, అదే లైటింగ్ అయినా గింజ పెద్దదిగా, ఎక్కువగా కనిపిస్తుంది. ప్రేక్షకుడికి క్లోజ్‌లో నాయిస్ ఉండటం ఇబ్బంది కాదు, రెండు షాట్లకీ మధ్య అది మారడం ఇబ్బంది. అందుకే క్లోజ్ ఒక్కదానికే తేలికగా నాయిస్ తగ్గించండి, చర్మం మైనంలా మారకముందే ఆపండి. తర్వాత రెండు షాట్ల పైనా పరుచుకునేలా ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, చాలా సన్నటి గ్రెయిన్ ఇవ్వండి. గ్రెయిన్ స్కేలింగ్ తర్వాత పడుతుంది కాబట్టి వైడ్‌కీ క్లోజ్‌కీ ఒకే సైజులో ఉంటుంది, కట్ దగ్గర గోడ గుప్పుమనదు.

ఇక ఎగిరినట్టు ఉండటం. క్రాప్ చేస్తే కోణం మారదు. ముఖం వెనక ఏ వస్తువు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నిజమైన రెండో కెమెరా పక్క నుంచి చూసేది, ఇది చూడలేదు. కాబట్టి భారమంతా ఫ్రేమింగ్ మీదే పడుతుంది. మీరు సరిగ్గా మధ్యలోకి జూమ్ చేసి ఉంటారు, అప్పుడు వైడ్‌లో పైనుంచి మూడో వంతు దగ్గరున్న కళ్లు క్లోజ్‌లో ఇంకా పైకి పోతాయి. చూసేవాడి కన్ను వాటి వెంట పరిగెత్తాలి, ఆ పరుగే మీకు ఎగిరినట్టు అనిపిస్తోంది. Position మార్చి కళ్లను మళ్లీ అదే ఎత్తుకు తీసుకురండి. మనిషి వైడ్‌లో ఎడమవైపు కూర్చుని కుడికి చూస్తుంటే, క్లోజ్‌లోనూ ఎడమవైపే ఉంచి, చూపు వెళ్లే వైపు ఖాళీ వదలండి. కట్‌ను ఖాళీ విరామంలో కాకుండా తల ఊపినప్పుడో, చెయ్యి లేచినప్పుడో వేయండి. సైజు తేడా కూడా గట్టిగానే ఉండాలి. వైడ్‌ను 100 అనుకుంటే 110, 115 లాంటి పంచ్-ఇన్ పొరపాటున కెమెరా తగిలినట్టు ఉంటుంది.

స్టేజీ_కెమెరా:
నా అనుభవం ఒకటి చెప్తాను. కార్యక్రమం చేత్తో పట్టుకుని తీసి, పంచ్-ఇన్ చేసిన దగ్గర వణుకు ఎక్కువైందని వార్ప్ స్టెబిలైజర్ వేశాను. క్లిప్ సైజూ సీక్వెన్స్ సైజూ ఒకటిగా ఉండాలంది. నెస్ట్ చేశాను, పని చేసింది, కానీ మళ్లీ మసక. స్కేల్ మాత్రం 50 ఉంది, టిక్ లేదు.

కట్_రూమ్:
టైమ్‌లైన్ మీద రైట్ క్లిక్ చేసి నెస్ట్ చేస్తే ఆ నెస్ట్ మీ హెచ్‌డీ సీక్వెన్స్ సైజులోనే పుడుతుంది. లోపల 50 ఉంది, బయట నెస్ట్‌ను పెంచుతున్నారు, అంటే మళ్లీ హెచ్‌డీనే సాగదీస్తున్నారు. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో అసలు క్లిప్ మీద New Sequence From Clip ఇచ్చి 3840×2160 సీక్వెన్స్ చేయండి. స్టెబిలైజర్ దాంట్లో వేసి, ఆ సీక్వెన్స్‌ను తెచ్చి హెచ్‌డీ టైమ్‌లైన్‌లో పెట్టండి. స్టెబిలైజర్ కూడా అంచులు తింటుంది కాబట్టి మీకు పంచ్-ఇన్‌కి మిగిలే చోటు ఇంకా తగ్గుతుంది, అది లెక్కలో ఉంచుకోండి.

పిక్సెల్_లెక్క:
గ్రెయిన్ మాటే నాకు నచ్చలేదండి. శుభ్రంగా ఉన్న వైడ్‌ను మనమే పాడుచేసుకోవడం కదా? పైగా ఆన్‌లైన్‌లో పెట్టాక కంప్రెషన్ ఆ సన్న గ్రెయిన్‌ను మింగేసి గోడ మీద పలకలు పలకలుగా చేస్తుంది. నేనైతే వైడ్‌ను అలాగే వదిలి, క్లోజ్‌కి నాయిస్ తగ్గించి, కళ్ల వరకే మాస్క్ పెట్టి షార్పెన్ చేస్తాను.

కట్_రూమ్:
బిట్‌రేట్ తక్కువుంటే మీరన్న పలకలు నిజమే. గ్రెయిన్ ఎంత వేయాలన్నది చివరికి చూపించే చోటును బట్టి ఉంటుంది, దీనికి ఒక్క సమాధానం నా దగ్గర లేదు. కళ్లకి మాస్క్ మంచి ఆలోచనే, తల కదిలితే ట్రాకింగ్ జారకుండా చూసుకోవాలి.

ఒంటి_కెమెరా:
కళ్లు అదే ఎత్తుకు తెచ్చాక కట్ చాలా మెత్తబడిందండి. ఇంకొక్కటి. రెండు మూడు క్లోజుల్లో మాత్రం కళ్లు కాస్త సాఫ్ట్‌గానే ఉన్నాయి, చెవులు స్పష్టంగా ఉన్నాయి. ఎఫ్/2లో తీశాను. అదే స్థాయి షార్ప్‌నెస్ తేగలమా?

కట్_రూమ్:
ఆయన ముందుకు వంగినప్పుడు తీసినవి అయ్యుంటాయి. ఫోకస్ చెవి దగ్గరే ఉండిపోయింది. వైడ్‌లో కనబడదు, పెంచితే ఫోకస్ లోతు తగ్గినట్టే అవుతుంది. పోయిన ఫోకస్‌ను షార్పెన్ తీసుకురాదు, అంచుల చుట్టూ తెల్లగీతలు తెస్తుంది. ఆ రెండు మూడు చోట్ల 80 బదులు 65 పెట్టి చూడండి, అప్పటికీ కుదరకపోతే వైడ్‌లోనే ఉండిపోండి. చూసేటప్పుడు ప్రోగ్రామ్ మానిటర్ Fit లో కాకుండా 100% లో, ప్లేబ్యాక్ Full లో, ప్రాక్సీలు ఆఫ్ చేసి చూడండి. లేకపోతే మీరు తీర్పు చెప్పేది ప్రాక్సీ మీద. ఈసారి తీసేటప్పుడు ఎఫ్/4కి వెళ్లి లైటు పెంచండి, ఐఎస్ఓ పెంచొద్దు. వెనక గోడ కొంచెం స్పష్టంగా వస్తుంది, కాబట్టి మనిషిని గోడకు ఇంకాస్త దూరంగా కూర్చోబెట్టండి.

ఒంటి_కెమెరా:
ఒకదానికి 65 సరిపోయింది. మిగతావి వైడ్‌లోనే వదిలేస్తున్నాను.