పూతరేకుల రీల్స్‌కి వ్యూస్ ఉన్నాయి, ఆర్డర్లు లేవు. ఏం మార్చాలి?

ఆత్రేయపురం కోడలు
అందరికీ నమస్కారమండి. మా అత్తగారు, నేను ఇంట్లోనే పూతరేకులు చేసి కొరియర్లో పంపుతుంటాం. దసరా ఆర్డర్ల కోసం ఇన్‌స్టాలో రీల్స్ మొదలుపెట్టాను. ఒక్కోటి నిమిషం దాకా ఉంటుంది. ముందు నమస్కారం, మా పేరు, ఊరు చెప్పి తర్వాత తయారీ చూపిస్తాను. ఎనిమిది తొమ్మిది వందల వ్యూస్ దగ్గర ఆగిపోతోంది. మెసేజ్ చేసేవాళ్లు "రేటెంత?" అని అడిగి మళ్లీ కనపడరు. క్యాప్షన్లో "స్వచ్ఛమైన నెయ్యి పూతరేకులు, ఆర్డర్లకు డీఎం చేయండి" అని రాస్తున్నాను. రోజూ పెట్టమంటున్నారు గానీ నాకు సగం రోజు పొయ్యి దగ్గరే పోతుంది. దారి చెప్పండి.

రీల్స్‌రాజా
సింపుల్ అక్కా. ట్రెండింగ్ పాట పెట్టు, క్యాప్షన్ నిండా హ్యాష్‌ట్యాగులు కొట్టు, రోజుకి రెండు రీల్స్ వదులు. ఇంకోటి, నిమిషం ఎవడూ చూడడు. ఇరవై సెకన్లలో తేల్చెయ్.

రిటైర్డ్ మాస్టారు
అమ్మా, రీల్‌కి ఎన్ని వ్యూస్ వస్తే కంపెనీవాళ్లు డబ్బులు వేస్తారు? మా మనవడు లక్ష దాటాలంటున్నాడు.

మంగళగిరి నేత
మాస్టారూ, కోడలుగారికి కావలసింది వ్యూస్ మీద డబ్బు కాదండి, పెట్టెలు అమ్ముడుపోవడం. రెండూ వేరు దారులు.

కోడలుగారూ, నేను చీరలు అమ్ముతాను, చుట్టుపక్కల చిన్న షాపులకి రీల్స్ తీసిపెడుతుంటాను కూడా. ముందు ఒక పని చేయండి. మీ రీల్ తెరిచి View insights నొక్కితే ఎక్కడిదాకా ఎంతమంది చూశారో గీత కనపడుతుంది. ఆ గీత ఏ సెకను దగ్గర పడిపోతోందో చూసి చెప్పండి.

ఆత్రేయపురం కోడలు
చూశానండి. మూడో సెకనుకే సగానికి పైగా పోయారు. తర్వాత పెద్దగా తగ్గలేదు.

మంగళగిరి నేత
అయితే తయారీలో లోపం లేదు, నమస్కారం దగ్గరే జనం జారిపోతున్నారు. ఉన్నవాళ్లు చివరిదాకా ఉంటున్నారంటే మీ సరుకు చూడబుద్ధేస్తోందనే. కాబట్టి నిడివి కంటే ముందు మొదలు మార్చాలి.

చూసేవాళ్లని మొదట్లోనే ఆపేదాన్ని హుక్ అంటారు, మీ దగ్గర ఉన్న హుక్ ఇంకెవరి దగ్గరా లేదు. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగుతారే, ఆ క్షణం. మొదటి ఫ్రేమే అది కావాలి. ఫోను కుండకి పక్కగా, దాని ఎత్తులోనే పెట్టండి. పైనుంచి తీస్తే ఆవిరికి లెన్స్ మసకబారుతుంది, తెల్లరేకు కూడా కనపడదు. వెనక గోడ మసిబారి నల్లగా ఉంటే ఇంకా మంచిది, రేకు తెల్లగా తేలుతుంది. దాని మీద ఒకటే వాక్యం: "ఈ రేకు కాలేది రెండు మూడు సెకన్లే". చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు, అందుకని అక్షరాలు ఉండాలి. అయితే స్క్రీన్ అడుగున పెట్టకండి, అక్కడ క్యాప్షన్, కుడివైపు బటన్లు కప్పేస్తాయి. మధ్యకి కాస్త పైన పెట్టండి.

తర్వాత అత్తగారు రేకు ఎత్తి పట్టుకుంటే వెనక వేళ్లు కనపడే షాట్. అక్కడ "కాగితం కాదు, బియ్యప్పిండి" అనండి, చాలు. నెయ్యి, బెల్లంపొడి, మడత త్వరత్వరగా వెళ్లిపోవచ్చు. చివర మడత విరిచిన చప్పుడు, పెట్టె, పెట్టె మీద రేటు. ఇదంతా ఇరవై సెకన్లకి అటూఇటూ వస్తుంది. ఆ విషయంలో రాజా చెప్పింది నిజమే.

పాట విషయంలో మాత్రం ఒప్పుకోను. బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటలు చాలావరకు దొరకవు. దొరికినా గుడ్డ తగలగానే కుండ మీద వచ్చే 'చుయ్' మన్న చప్పుడు పోగొట్టుకుంటారు.

రీల్స్‌రాజా
అన్నా, పాట పెట్టిన నా ఫ్రెండ్ రీల్ యాభై వేలు పోయింది మరి.

మంగళగిరి నేత
పోయి ఉండొచ్చు తమ్ముడూ. వాటిలో ఆర్డర్లెన్ని వచ్చాయో కూడా అడుగు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 మొదట్లో చెప్పినదాన్నిబట్టి ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్నవి ముఖ్యం. మనల్ని ఫాలో కానివాళ్లకి చేరాలంటే ఆ పంపడమే ఎక్కువ పనిచేస్తుందట. హైదరాబాదులో కూతురు "అమ్మా, ఇది చూడు" అని పంపేలా ఉండాలి. హ్యాష్‌ట్యాగుల కుప్ప ఆ పని చెయ్యదు, సరుకు పేరు, ఊరు పేరు మూడు నాలుగు చాలు.

ఆత్రేయపురం కోడలు
క్యాప్షన్ ఎలా రాయమంటారు? నాకు రాయడం రాదండి.

మంగళగిరి నేత
మెసేజ్‌ల్లో జనం పదేపదే అడిగేవే రాయండి. "రేటెంత?" ఎలాగూ ఉంది. మిగతావి ఎన్ని వస్తాయి, మా ఊరికి వస్తుందా, ఎన్నాళ్లుంటాయి, విరిగిపోవా అనేవే కదా. మొదటి వరుస మాత్రమే బయటకి కనపడుతుంది, మిగతాది నొక్కితేనే. అందుకని రేటు మొదటి వరుసలోకి రావాలి. ఇలా, ఖాళీలు మీరు నింపుకోండి:

"బెల్లం, నెయ్యి పూతరేకులు, పది ఉన్న పెట్టె రూ. ____.
హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, బెంగళూరుకి కొరియర్. చార్జీ వేరుగా రూ. ____.
చేసిన మర్నాడే పంపుతాం. ఫ్రిజ్ అక్కర్లేదు, ____ రోజుల్లో తినేయండి.
విరిగితే పెట్టె విప్పుతూ తీసిన వీడియో పంపండి, మార్చి ఇస్తాం.
కావాలంటే కామెంట్లో 'పెట్టె' అని రాయండి."

ఎన్నాళ్లుంటాయన్నది మీరు నిజంగా పెట్టి చూసిన రోజులే వేయండి, ఊహించి కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 14 అంకెల నంబరు పెట్టె మీద కనపడనివ్వండి. తెలియనివాళ్ల దగ్గర తిండి కొనేవాళ్లు అది చూస్తారు.

పచ్చళ్ల పద్మక్క
రేటు పెట్టమనకండి బాబూ! మా ఆవకాయకి రేటు రాసి రీల్ పెడితే, మర్నాటికి మా వీధిలోనే ఇంకొకావిడ కిలోకి యాభై తగ్గించి పెట్టింది. మెసేజ్‌కి వచ్చినవాళ్లతో మాట్లాడి అమ్ముకోవడమే నయం.

మంగళగిరి నేత
పద్మక్కా, మీదీ నిజమే. మాటలతో అమ్మగలిగినవాళ్లకి మీ పద్ధతి కుదురుతుంది. కోడలుగారు పొయ్యి దగ్గర కూర్చుని వందమందికి "రేటు ఇదండి" అని టైపు చెయ్యలేరు. రేటు చూసి పోయేవాడు ఎలాగూ పోతాడు, అదేదో ముందే పోనివ్వండి అంటాను.

పచ్చళ్ల పద్మక్క
నాకైతే నమ్మకం లేదు.

ఆత్రేయపురం కోడలు
మరి ఎన్ని రోజులకొకటి పెట్టాలి?

మంగళగిరి నేత
వారానికి మూడు. తియ్యడం మాత్రం ఒక్కరోజే. మీరు రేకులు తీసే రోజు ఫోను స్టాండుకి తగిలించి, ఒక్కో పనీ పావుగంట చొప్పున అలా వదిలెయ్యండి. ఎలాగూ చేసే పనే కాబట్టి అదనపు శ్రమ లేదు. ఆ ముక్కల్లోంచి కుండ మీద రేకు తీయడం ఒక రీల్, మడత పెట్టి విరవడం ఇంకొకటి, పెట్టెలో ఎలా సర్దుతారు, విరగకుండా ఏం చేస్తారు అనేది మూడోది. ఈ ప్యాకింగ్ రీల్‌కి వ్యూస్ తక్కువ రావచ్చు, అయినా తీసెయ్యకండి. కొనాలని సగం అనుకున్నవాడు చూసేది అదే.

పండగ లెక్క మాత్రం వేరు. కొరియర్‌కి పట్టే రోజులు, మీరు రోజుకి చేయగలిగే పెట్టెలు చూసుకుని, పండగకి రెండు వారాల ముందు నుంచి "ఫలానా తేదీ దాకానే ఆర్డర్లు" అని పెట్టండి. ఆ తేదీ దాటాక కొత్త రీల్స్ వద్దు. చెయ్యలేని ఆర్డర్లు వచ్చిపడతాయి, ఆలస్యమైతే కామెంట్లలో తిట్లు. ఆ వారం స్టోరీల్లో పార్సిళ్ల ఫొటోలు పెడితే సరిపోతుంది.

ఆత్రేయపురం కోడలు
అత్తయ్యగారు మొహం కనపడకూడదంటున్నారండి. చేతులు చాలా?

మంగళగిరి నేత
చేతులే చాలు. గాజులు కూడా ఉంచుకోమనండి, తీసెయ్యమనకండి.

ఆత్రేయపురం కోడలు
శుక్రవారం రేకులు తీస్తాం. మొదటిది తీశాక ఇక్కడే గీత పెడతాను, చూసి చెప్పాలి మీరు.

రీల్స్‌రాజా
అక్కా, ఒకటి పాటతో, ఒకటి చప్పుడుతో పెట్టి చూడు. ఆర్డర్లు లెక్కేద్దాం.