తెరమీద రూ. 600 లాభం, కాంట్రాక్టు నోటులో రూ. 1,500 నష్టం: ఎక్స్‌పైరీ దాకా ఉంచుకోవడం తప్పా?

కావలి వర్తకుడు: 2025 అక్టోబరులో ఒక మంగళవారం ముగిసే, అంటే ఆ రోజు ఎక్స్‌పైరీ ఉన్న, నిఫ్టీ 25,000 కాల్ ఆప్షన్ ఒక లాటు, అంటే 75, రూ. 120 చొప్పున కొన్నాను (అంకెలను సర్ది రాస్తున్నాను). మూడున్నరకు తెరమీద నిఫ్టీ 25,128 దగ్గర ఆగింది కాబట్టి 25,000కు పైనున్న 128లో నేను కట్టిన 120 పోను ఎనిమిది పాయింట్లు మిగిలాయనుకున్నాను. రాత్రి చూస్తే పదిహేను వందలకు పైగా నష్టం రాసి ఉంది. అమ్మకుండా వదిలేయడం నా తప్పా, బ్రోకరు లెక్కే తప్పా?

చీమకుర్తి రాయి: వదిలేయడమే తప్పండీ. అమ్మకుండా ఎక్స్‌పైరీకి సెటిలై ఎక్సర్‌సైజ్ అయిన కాల్‌కు ఎస్‌టీటీ, అంటే లావాదేవీ పన్ను, మొత్తం కాంట్రాక్టు విలువ మీద పడుతుంది. దాదాపు పందొమ్మిది లక్షల మీద 0.125 శాతమంటే రూ. 2,300 పైమాటే. మా మిత్రుడొకరు ఇలాగే లాభాన్ని పోగొట్టుకున్నారు.

ఒంగోలు అకౌంటెంటు: మీ మిత్రుడి అనుభవం నిజమే అయి ఉంటుంది, కాని అది 2019 సెప్టెంబరుకు ముందటి నిబంధన. ఆ తర్వాత ఎస్‌టీటీని స్ట్రైక్‌కు, అంటే ఇక్కడ 25,000కు, పైన ఉన్న విలువ మీదే లెక్కిస్తున్నారు. కావలి గారి నష్టం పదిహేను వందల దగ్గరే ఆగిందంటే అంత పన్ను పడలేదని ఆ అంకే చెబుతోంది.

అసలు తేడా 25,128లో ఉంది. అది చివరి క్షణపు అంకె. సెటిల్‌మెంట్‌కు తీసుకునేది నిఫ్టీ ముగింపు విలువను. సూచీలోని ఒక్కొక్క షేరుకు మూడు గంటల నుంచి మూడున్నర వరకు జరిగిన లావాదేవీల సగటు ధర కట్టి, మీ ఎక్స్‌పైరీ నాడు ఆ ధరలతో దానిని లెక్కించారు. చివరి పది నిమిషాల్లో సూచీ ఎగబాకినా, మొదటి ఇరవై నిమిషాల తక్కువ ధరలు సగటును కిందికి లాగుతాయి. ఒక్క మాట అడుగుతాను: మూడు ఇరవై ఎనిమిదికి మీ కాల్‌కు కొనేవారు ఎంత ఇస్తామన్నారు?

కావలి వర్తకుడు: 98 చూపించిందండీ. 128 రావాల్సిన దానికి ఇంత తక్కువేమిటని అమ్మలేదు. ముగింపు 25,100 అని నోటులో ఉంది.

ఒంగోలు అకౌంటెంటు: సగటు ఎక్కడ తేలబోతోందో ఆ 98 ముందే చెప్పింది. ఇక లెక్క చూడండి. మీరు కట్టిన ప్రీమియం రూ. 9,000. కొన్నప్పుడు బ్రోకరేజీ రూ. 20, ఎక్స్ఛేంజి రుసుము, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ కలిపి సుమారు రూ. 28 అయి ఉంటుంది. ఎక్స్‌పైరీకి వచ్చింది రూ. 7,500, దాని మీద అప్పటి రేటున ఎస్‌టీటీ రూ. 9. మొత్తం నష్టం రూ. 1,537. అదే 98కి అమ్మి ఉంటే రూ. 7,350 వచ్చి, అందులో ఖర్చులకు రూ. 34 పోయేది. అంటే వదిలేయడం వల్ల మీకు రూ. 175 కలిసొచ్చింది. కొందరు బ్రోకర్లు ఎక్సర్‌సైజ్‌కూ రుసుము వేస్తారు, అప్పుడు ఈ తేడా కొంత తగ్గుతుంది.

చీమకుర్తి రాయి: ఎస్‌టీటీ విషయంలో నేనే పొరబడ్డాను. అయినా రెండు గంటలకు ప్రీమియం 135 దాకా వెళ్లి ఉంటే అప్పుడే వదిలించుకోవాలి కదా?

కావలి వర్తకుడు: 132 దాకా వెళ్లిన మాట నిజమే.

ఒంగోలు అకౌంటెంటు: అది ధర మీద మీ అంచనాకు సంబంధించిన సంగతి, ఖర్చులతో దానికి పని లేదు. అక్కడ నేను తీర్పు చెప్పలేను.

కందుకూరు మాస్టారు: నాకూ గత ఏడాది ఆప్షన్లలో నలభై వేలు పోయాయి. దాన్ని జీతంలోంచి తగ్గించి చూపవచ్చునా?

ఒంగోలు అకౌంటెంటు: మాస్టారూ, జీతంలోంచి తగ్గించడానికి వీల్లేదు. ఇది స్పెక్యులేషన్ కాని వ్యాపార నష్టం కాబట్టి అద్దె, వడ్డీ వంటి ఇతర ఆదాయంలో అదే ఏడాది సర్దుకోవచ్చు. మిగిలితే ఎనిమిదేళ్ల వరకు వ్యాపార లాభాలకు ఎదురుగా మోసుకుపోవచ్చు, అయితే ఐటీఆర్-3ను గడువులోగా వేసి ఉండాలి.

చీమకుర్తి రాయి: ఎస్‌టీటీని మాత్రం ఖర్చుగా ఒప్పుకోరు, మా ఆడిటరు కొట్టేశారు.

ఒంగోలు అకౌంటెంటు: మీరు షేర్లు అమ్మిన మూలధన లాభంలో కొట్టేసి ఉంటారు, అక్కడ అది సరే. వ్యాపార ఆదాయంగా చూపే ఆప్షన్లలో దాన్ని ఖర్చు రాసుకోవచ్చు. నేను తరచూ చూసే పొరపాటు వేరే ఉంది: నష్టం రూ. 1,500 అని రాసి, ప్రీమియం రూ. 9,000ను మళ్లీ విడిగా ఖర్చులో వేస్తారు. ఆ ప్రీమియం నష్టంలో ఇమిడే ఉంది.

కావలి వర్తకుడు: నాకు రొయ్యల మేత దుకాణం ఉంది, దాని ఆదాయాన్ని పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపే 44ఏడీ కింద చూపుతున్నాను. ఈ నష్టాన్ని అందులో సర్దవచ్చా?

ఒంగోలు అకౌంటెంటు: రెండూ వ్యాపారాలే కాబట్టి సర్దవచ్చని నా అభిప్రాయం. కాని దుకాణాన్ని 44ఏడీలో ఉంచి ఆప్షన్లను మాత్రం విడిగా పుస్తకాల ప్రకారం చూపవచ్చా అన్న దగ్గర మా వృత్తిలోనే రెండు వాదాలున్నాయి. నెల్లూరులో నేనెరిగిన ఒక ఆడిటరు కుదరదనే అంటారు. రిటర్ను వేసే ముందు మీ దుకాణం లెక్కలు చూసేవారిని ఈ ఒక్క మాట అడగండి.